2009 తర్వాత పడిన తేదీ

గౌరవనీయులైన హెడ్మాస్టర్ గారికి, మా టీచర్లందరికీ, మా ఊరి శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ మేడమ్ గారికి, ఇక్కడికి వచ్చిన పెద్దలకు, నా తోటి విద్యార్థులకు నమస్కారం. నేను 9వ తరగతి బి సెక్షన్ అమ్మాయిని.

ఈ నెల 14న మొదలైన గ్రంథాలయ వారోత్సవాలు ఈ రోజుతో ముగుస్తున్నాయి. జులై నుంచి అక్టోబర్ ఆఖరు దాకా జరిగిన పుస్తక పఠన పోటీలో నాకు మొదటి బహుమతి ఇచ్చారు. నాలుగు నెలల్లో 52 పుస్తకాలు చదివాను. రెండో బహుమతి వచ్చిన 7వ తరగతి తమ్ముడు 49 చదివాడు. తను పెద్ద పెద్ద పుస్తకాలు చదివాడు, నావాటిలో ముప్ఫై పేజీల పుస్తకాలు చాలా ఉన్నాయి. అందుకే తనకి కూడా మీరందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి.

ఇప్పుడు మేడమ్ గారి గురించి చెప్తాను. నేను మైకు ముందుకు వచ్చింది ముఖ్యంగా అందుకే.

ప్రతి బుధవారం మధ్యాహ్నం అన్నం బెల్ కొట్టగానే మేడమ్ స్కూటీ మన గేటు దగ్గర ఆగుతుంది. ముందర కాళ్ల దగ్గర ఒక సంచి, వెనక సీటు మీద తాడుతో కట్టిన ఇంకో సంచి. వానాకాలంలో ఆ సంచుల మీద ఎరువుల బస్తా పట్టా కప్పి తెచ్చేవారు. ఒకరోజు మేడమ్ చీర మొత్తం తడిసిపోయింది, పుస్తకాల మీద చుక్క నీళ్లు పడలేదు. వరండాలో బెంచీ మీద పుస్తకాలు పరిచి, మనం ఎంగిలి చేతులతో పట్టుకోకుండా కుళాయి దగ్గరికి పంపించి, ఆ తర్వాతే ఇచ్చేవారు.

మొదటి వారం నేను లావుపాటి నవల ఒకటి తీసుకున్నాను. పెద్ద పుస్తకం చదివితే అందరూ మెచ్చుకుంటారని అనుకున్నాను. ఇరవై పేజీలు కూడా కదల్లేదు. రాత్రి పుస్తకం తీస్తే నిద్ర వచ్చేది, మూసేస్తే టెన్షన్ వచ్చేది. పోటీకి పేరు ఇచ్చి తప్పు చేశానేమో అనుకున్నాను. తర్వాతి బుధవారం భయపడుతూనే మేడమ్ దగ్గరికి వెళ్లి, పూర్తి చేయలేదని చెప్పాను. మేడమ్ ఏమీ అనలేదు. పుస్తకం తీసుకుని, "నచ్చకపోతే వదిలెయ్యమ్మా, దాని మనిషి ఇంకొకరు ఉంటారు. నీది వెతుకుదాం" అన్నారు.

ఆ మాట వెనక సంగతి నాకు తర్వాత తెలిసింది. గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు రాశారట. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉండాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలి అనేవి అందులో రెండు. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 12ని మన దేశంలో లైబ్రేరియన్ల దినోత్సవంగా జరుపుతారు. వచ్చే ఏడాది ఆ రోజు మనం మేడమ్ గారికి పూలు ఇద్దాం. ఈసారి మనకెవరికీ తెలియలేదు.

అలా మేడమ్ వెతికి ఇచ్చిన పుస్తకం ఇదిగో, నా చేతిలో ఉంది. మేరీ క్యూరీ జీవిత చరిత్ర. అట్ట ఊడిపోతే మేడమే బ్రౌన్ పేపర్ అంటించారు. లోపల వెనక పేజీలో తేదీల చీటీ ఉంటుంది చూడండి, పుస్తకం ఎవరైనా తీసుకున్నప్పుడల్లా స్టాంపు వేస్తారు. ఇందులో పైన ఐదారు తేదీలు ఉన్నాయి. వాటిలో చివరిది 2009 మార్చి 12. అప్పటికి నేను ఇంకా పుట్టలేదు. దాని కింద 2025 ఆగస్టు 6, అది నాది. పదహారేళ్లు ఈ పుస్తకం బీరువాలో ఎవరి కోసమో ఎదురు చూసిందని నాకు చాలా బాధేసింది. ఆ రాత్రి కరెంటు పోయినా ఛార్జింగ్ లైటు పెట్టుకుని చదివాను.

క్యూరీ పుట్టిన వార్సా నగరంలో అప్పట్లో ఆడపిల్లల్ని యూనివర్సిటీలో చేర్చుకునేవారు కాదు. చదువుకోవాలనుకున్న వాళ్లు రహస్యంగా ఇళ్లలో కలుసుకుని చదువుకునేవారు. ఆమె అలా చదివి, పారిస్ వెళ్లి, వాన కురిసే పాత షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజాన్ని మరిగించి మరిగించి, 1902 నాటికి గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్ తీసింది. 1903లో ఒక నోబెల్, 1911లో ఇంకో నోబెల్. ఆ మరిగించే పేజీలు నేను మా నాన్నమ్మకి పైకి చదివి వినిపించాను. నాన్నమ్మ చేటలో మినుములు చెరుగుతోంది. చెరగడం ఆపేసి, "అంత మరిగిస్తే అంతేనా వచ్చింది? పాపం, చేతులు ఏమయ్యాయే ఆ పిల్లకి?" అంది. నాన్నమ్మకి చదువు రాదు. కానీ ఆ ప్రశ్న నాకు రాలేదు, తనకి వచ్చింది. క్యూరీ వేళ్లు నిజంగానే కాలిపోయాయి, ఆ సంగతి తర్వాతి పేజీలో ఉంది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం నాన్నమ్మకి చదివి వినిపించడం అలవాటైంది. 52లో పదిహేను దాకా అలా చదివినవే. మన కొల్లిపర వైపు కాలువలో 1935లో పడవ మీద గ్రంథాలయం నడిచిందని మేడమ్ చెప్తే, ఇంటికి వెళ్లి నాన్నమ్మకి చెప్పాను. "మా నాయన చెప్పేవాడే, పుస్తకాల పడవ వస్తే గట్టు మీద పరిగెత్తేవాళ్లమని" అంది. ఇన్నాళ్లూ నాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు అడగలేదుగా అంది. మన ముత్తాతలు గట్టు వెంట పరిగెత్తారు, మన పుస్తకాలు స్కూటీ మీద వస్తున్నాయి.

ఫ్రెండ్స్, మీలో చాలామంది నాకు చదవడం రాదు, నాకు టైం లేదు అని నాతో అన్నారు. మా క్లాసులో ఒక అమ్మాయి ఒత్తులు తప్పు చదువుతానేమోనని పోటీలో చేరలేదు. నేను కూడా 'రేడియోధార్మికత' అనే మాట దగ్గర మూడు సార్లు ఆగాను. మేడమ్ ఎవరినీ తప్పు చదివావని అనరు. చదివింది నీ మాటల్లో చెప్పు అని అడుగుతారు, మనం చెప్తుంటే నిజంగా వింటారు. ఒక్కోసారి కథ మధ్యలో ఆపి, "అలా ఎందుకు చేశాడంటావు?" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు కోసం నేను ఒక పుస్తకం మళ్లీ చదివాను.

బొమ్మల పుస్తకంతో మొదలుపెట్టండి. పాత పిల్లల పత్రికల బైండింగులు ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి. క్రికెట్ ఇష్టమైతే క్రికెట్ పుస్తకం అడగండి. నచ్చకపోతే బుధవారం తిరిగి ఇచ్చేయండి, సిగ్గు పడొద్దు. అలా నేను వదిలేసిన పుస్తకాలు పదకొండు ఉన్నాయి.

మేడమ్ గారూ, మీరు నాకు పుస్తకాలు ఇచ్చారు, నాన్నమ్మతో కూర్చునే సాయంత్రాలు కూడా ఇచ్చారు. మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీ మోకాలి నొప్పి తెలుసు కాబట్టి, వచ్చే బుధవారం నుంచి గేటు దగ్గర సంచులు దించే పని మా 9వ తరగతి వాళ్లది. నలుగురం పేర్లు రాసుకున్నాం.

ఈ క్యూరీ పుస్తకంలో నా తేదీ తర్వాత మా క్లాసు వాళ్లిద్దరి తేదీలు పడ్డాయి. ఈ రోజు మాట్లాడటం కోసం నవంబర్ 12న నేనే మళ్లీ తీసుకున్నాను. ఇప్పుడు మేడమ్ గారికి తిరిగి ఇచ్చేస్తున్నాను. మేడమ్ దగ్గర స్టాంపు, ఇంకు ప్యాడ్ ఉన్నాయి. చీటీలో ఇంకా సగం ఖాళీ ఉంది. ఎవరు తీసుకుంటారో చెయ్యి ఎత్తండి.