విషయం: పగుళ్లు, ప్రకంపనలపై మీ ఫిర్యాదుకు జవాబు

సీతమ్మధారలో మా సైట్ వెనక వీధి నివాసులకు,
నమస్కారం.

సోమవారం మీరిచ్చిన ఉత్తరం అందింది. ఇళ్లు అదురుతుంటే టెన్షన్ పడటం సహజమే.

సెల్లార్ తవ్వకంలో ఖొండలైట్ రాయి తగిలింది. దాన్ని బ్రేకర్‌తో కొడుతున్నాం, బ్లాస్టింగ్ చేయడం లేదు. మంగళవారం మీ ప్రహరీ దగ్గర కంపన వేగం కొలిచే మీటరు పెడితే అత్యధికంగా సెకనుకు 2.4 మిల్లీమీటర్లు చూపింది. ఇళ్లకు మేం పాటిస్తున్న హద్దు 5. అయితే హద్దులోపు కంపనం కూడా మనిషికి బాగానే తెలుస్తుంది, కాబట్టి మీరు చెప్పింది అబద్ధమని మేం అనడం లేదు.

పగుళ్ల సంగతి వేరు. ప్లాస్టర్ మీది సన్నగీతలు ఎండకీ ఉప్పుగాలికీ కూడా వస్తాయి. గోడను నిలువునా చీల్చేవైతే విషయం తీవ్రమైనదే. చూడకుండా ఏదీ తేల్చలేం. శనివారం ఉదయం పదింటికి మాతో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరు ఇంటింటికీ వస్తారు. ఫొటోలు తీసి, పగుళ్లపై గాజుపలకలు అతికిస్తారు. పగులు పెరిగి పలక పగిలితే ఆ వైపు పని ఆపేస్తాం. మా పనివల్లేనని తేలితే మరమ్మతు ఖర్చు మాదే. దయచేసి అప్పటిదాకా పగుళ్లకు పుట్టీ పెట్టకండి.

రేపటి నుంచి బ్రేకర్ ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే నడుస్తుంది, ఆదివారం ఉండదు.

ఇట్లు,
సైట్ ఇన్‌ఛార్జ్, కాంట్రాక్టర్ తరఫున