మేషం, తుల: లహరి మాధవ్‌ల పెళ్లిలో స్నేహితురాలి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. నా పేరు సుధ. లహరికీ, మాధవ్‌కీ ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా స్నేహితురాలిని. వీళ్లిద్దరికీ పరిచయం చేసింది నేనే. ఈ ముక్క ఇంతమంది ముందు మైకులో చెప్పాలని ఎన్నాళ్లుగానో ఉంది, చెప్పేశాను, ఇక హాయిగా ఉంది.

అసలు విషయానికొస్తా. లహరి పుట్టింది మార్చి 26న. మాధవ్ పుట్టింది సెప్టెంబర్ 28న. అంటే లహరిది మేషం, మాధవ్‌ది తుల. జాతకాలు చూసే పెద్దలు ఇక్కడ ఉన్నారు, మీరు పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి చూస్తారని నాకు తెలుసు. నేను చెప్పేది పుట్టిన తేదీని బట్టి చూసుకునే సన్ సైన్ సంగతి. ఆ లెక్కలో ఈ రెండూ సరిగ్గా ఎదురెదురు రాశులు. చక్రం గీసి మేషం మీద వేలు పెట్టి, మధ్యలోంచి తిన్నగా అవతలికి వెళ్తే తులలో తేలతాం. 180 డిగ్రీలు. ఇంతకంటే దూరం పోదామన్నా చక్రంలో చోటు లేదు. ఇంకొక్క అడుగు వేస్తే మళ్లీ దగ్గరికి రావడమే.

ఈ 180 డిగ్రీలు ఎలా ఉంటాయో చూడాలంటే మా ముగ్గురి వాట్సాప్ గ్రూప్ చూస్తే చాలు. లహరి ఏ వాక్యాన్నీ ఒక మెసేజ్‌లో పంపదు. ‘ఎక్కడ’ ఒక మెసేజ్. ‘ఉన్నారు’ ఇంకోటి. ‘నేను’, ‘వచ్చేశా’, ‘కింద’, ‘ఉన్నా’. ఫోన్ టేబుల్ మీద పెడితే అదిరి అదిరి అంచుదాకా జరుగుతుంది. అప్పుడు మాధవ్ పేరు కింద టైపింగ్ అని కనిపిస్తుంది. ఆగిపోతుంది. మళ్లీ కనిపిస్తుంది. ఏదో పెద్ద ఉత్తరం వస్తోందని మేం ఎదురు చూస్తూ కూర్చుంటాం. పది నిమిషాల తర్వాత వస్తుంది: ‘సరే’. రాసిన ఉత్తరమంతా ఏమైంది మాధవ్? కొట్టేశావు కదూ! ఆ మాట ఎవరికైనా నొచ్చుతుందేమో, ఈ మాట మరీ పొడిగా ఉందేమో అని ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి ‘సరే’ మిగిలింది. ఆ ‘సరే’ వచ్చేసరికి లహరి పైకొచ్చి, మమ్మల్ని తిట్టి, చల్లబడి, కుర్చీలో కూర్చుని ఉంటుంది.

మేషానికి అధిపతి కుజుడు, తులకి శుక్రుడు. మేషం అగ్ని, తుల వాయువు. అగ్నికి వాయువు తోడైందని మనం మామూలుగా గొడవ ముదిరినప్పుడు అంటాం. వీళ్లిద్దరూ వాదించుకుంటుంటే నాకూ అదే మాట గుర్తొచ్చేది. అయితే ఇద్దరిలో ఎవరు మొండి అని అడిగితే మీరంతా లహరి వైపే చూస్తారు. ఆగండి. మేషం, తుల రెండూ చర రాశులే. రెండింటికీ కదలాలనే ఉంటుంది. లహరి ‘ఇలాగే చేద్దాం’ అని గట్టిగా అంటుంది కాబట్టి అందరికీ వినిపిస్తుంది. మాధవ్ ‘నీ ఇష్టం’ అంటాడు. మూడు రోజుల తర్వాత చూస్తే మాధవ్ అనుకున్నదే జరిగి ఉంటుంది, అది తన ఆలోచనే అని లహరి సంతోషంగా ఉంటుంది. లహరీ, ఇవాళ్టి నుంచి ‘నీ ఇష్టం’ అనే మాట వినపడితే కాస్త చెవులు రిక్కించి విను.

ఇంకో విచిత్రం ఉంది. శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఈ పిల్ల శని పేరెత్తిందేమిటని పెద్దవాళ్లు కంగారు పడొద్దు, మంచి మాటే చెబుతాను. జ్యోతిషంలో రవికి మేషం ఉచ్ఛ, తుల నీచ. శనికి సరిగ్గా తిరగేసి, తుల ఉచ్ఛ, మేషం నీచ. రవి అంటే తేజస్సు, ముందు నిలబడటం. శని అంటే నిదానం, ఓపిక. శనైశ్చరుడు అంటేనే మెల్లగా నడిచేవాడని. ఒక చుట్టు తిరిగి రావడానికి ఆయనకి దాదాపు 29 ఏళ్లన్నర పడుతుంది. ఎవరికైనా గుర్తొస్తున్నాడా? షాపులో రెండు నీలం చొక్కాలు చెరో చేతిలో పట్టుకుని వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ లోపలికి తెచ్చి, మళ్లీ బయటికి తీసుకెళ్లే మనిషి? రెండూ ఒకే నీలం అండీ. నేను చూశాను.

సరే, ఇలా ఒకరికి ఎత్తయినది ఇంకొకరికి పల్లం. మరి పెళ్లేమిటి అంటారా? ఏ రాశి నుంచైనా లెక్కపెట్టండి, ఎదురు రాశి ఏడోది అవుతుంది. ఏడో స్థానాన్ని ఏమంటారో ఇక్కడ చాలామందికి తెలుసు. కళత్ర స్థానం. జీవిత భాగస్వామిని చూసే చోటే అది. పక్కనున్న రాశిని కాకుండా, చక్రంలో అందరికంటే దూరంగా ఎదురుగా నిలబడ్డ రాశిని చూపించారు. ఆకాశంలోనూ అంతే. సూర్యుడున్న రాశికి చంద్రుడు ఎదురుగా వచ్చినప్పుడే పౌర్ణమి. ఇద్దరూ ఒక్కచోటే ఉంటే వచ్చేది అమావాస్య.

నాకు ఇదంతా చదివితే తెలియలేదు. ఒక కొండ మీద తెలిసింది.

ముగ్గురం కొండ ఎక్కుతున్నాం. ఒకచోట దారి రెండుగా చీలింది. మేం అక్కడికి చేరేసరికే లహరి ఎడమ దారిలో చాలా దూరం వెళ్లిపోయింది, ఎర్ర బ్యాగు ఒక్కటే కనిపిస్తోంది. మాధవ్ ఆగి, ఫోన్‌లో మ్యాప్ చూసి, నేల మీద అడుగుల గుర్తులు చూసి, మళ్లీ మ్యాప్ చూసి, అక్కడే రాయి మీద కూర్చున్నాడు. నాకు విసుగొచ్చింది. ఇరవై నిమిషాలకి లహరి చెమటలు కక్కుతూ వెనక్కి వచ్చింది. అటు దారి లేదట. వస్తూనే, ‘ఇంకా ఇక్కడే ఉన్నావా? ఇంతసేపూ ఏ దారో తేల్చుకోలేకపోయావా?’ అంది. మాధవ్ లేచి ప్యాంటు దులుపుకుని, ‘కుడి దారే అని అప్పుడే తెలిసింది. నువ్వు తిరిగొచ్చేసరికి ఇక్కడ ఎవరూ లేకపోతే కంగారు పడతావని ఉన్నా’ అన్నాడు.

లహరి మాట్లాడలేదు. తొమ్మిదేళ్లలో లహరి మాట్లాడకుండా ఉండటం చూసింది ఆ రోజే. మిగతా కొండంతా అతని వెనకాలే నడిచింది.

ఆ తర్వాత వారానికి ప్రపోజ్ చేసింది లహరే. మీరెవరూ ఆశ్చర్యపోవడం లేదు, నాకు తెలుసు. మెట్లు దిగుతూ దిగుతూ అడిగేసింది. మాధవ్ ఏమన్నాడో కూడా మీరు చెప్పగలరు. ‘ఆలోచించి చెప్తా.’ పదకొండు రోజులు! ఆ పదకొండు రోజులూ లహరి నా రూమ్‌లోనే ఉంది, నేను నిద్రపోలేదు. పన్నెండో రోజు మాధవ్ నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం తెచ్చి లహరి చేతికిచ్చాడు. గళ్ల నోట్‌బుక్‌లోది. మధ్యలో స్కేలుతో నిలువుగా గీత. ఎడమ పక్క ఎందుకు అవుననాలో, కుడి పక్క ఎందుకు వద్దనాలో. తుల రాశివాడు, త్రాసు తీయకుండా ఎలా ఉంటాడు!

ఎడమ పక్కంతా చిన్న అక్షరాలతో నిండిపోయి, చోటు చాలక వెనక్కి కూడా వెళ్లింది. అందులో ‘నవ్వేటప్పుడు పక్కవాళ్ల భుజం మీద కొడుతుంది’ కూడా ఉంది. కుడి పక్క ఒకే ఒక్క వాక్యం. ‘తనకున్నంత ధైర్యం నాకు లేదు.’ లహరి అది చదివి నా టేబుల్ మీద పెన్ను తీసుకుని ఆ ఒక్క వాక్యాన్ని కొట్టేసింది. ఎంత గట్టిగా కొట్టిందంటే కాగితం కొంచెం చిరిగింది. పెళ్లి ఖాయమైంది అప్పుడే. మిగతా మాటలన్నీ మీరు పెద్దలు తర్వాత మాట్లాడుకున్నారు.

ఇప్పుడొకటి చెబుతాను, గొంతు పట్టుకుంటే ఏమీ అనుకోవద్దు. రెండేళ్ల కిందట ఒక రాత్రి మా నాన్నగారికి ఒంట్లో బాగోక ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు గంటలప్పుడు వీళ్లిద్దరికీ ఫోన్ చేశాను. లహరితో నేను మాట పూర్తి చేయకముందే ఫోన్ కట్ అయింది. కాసేపటికి వరండా చివర పరిగెత్తుకుంటూ వస్తోంది, రెండు కాళ్లకీ రెండు వేర్వేరు చెప్పులు. వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది, అంతే. ఆ క్షణంలో నాకు కావాల్సింది అదే. మాధవ్ గంట తర్వాత వచ్చాడు. చేతిలో సంచి. అందులో ఛార్జర్, దుప్పటి, మంచినీళ్లు, మా ఇంట్లో బీరువా మీద ఉండే నాన్నగారి పాత రిపోర్టుల ఫైలు, మా అమ్మ కళ్లజోడు. దారిలో మా ఇంటికెళ్లి అమ్మకి నచ్చజెప్పి అన్నీ అడిగి తెచ్చాడు. తెల్లారి డాక్టర్‌గారు మొదట అడిగింది ఆ ఫైలే. ఇవాళ మా నాన్నగారు మూడో వరసలో కూర్చుని ఉన్నారు, మిమ్మల్ని ఆశీర్వదించడానికి వచ్చారు.

ఆ రాత్రి ఇద్దరూ లహరిలా ఉండుంటే ఆ ఫైలు వచ్చేది కాదు. ఇద్దరూ మాధవ్‌లా ఉండుంటే ఆ గంటసేపు నేను ఒక్కదాన్నే ఉండేదాన్ని. అందుకే మీ ఇద్దరిలో ఎవరైనా ఇంకొకరిలా మారిపోదామని చూస్తే నేను ఊరుకోను. మీ గొడవలు మీరు పడండి. లహరీ, నువ్వు ఇలాగే ముందు పరిగెత్తు. మాధవ్, నువ్వు దారి చీలిన చోట ఇలాగే కూర్చో.

చివరగా, ఆ కాగితం. తన దగ్గరుంటే పారేసుకుంటానని లహరి అప్పుడే నాకిచ్చింది. ఇన్నాళ్లూ నా దగ్గరే భద్రంగా ఉంది. ఇదిగో, ఫ్రేమ్ కట్టించి తెచ్చాను. వెనక రాసినది కూడా కనిపించేలా రెండు పక్కలా అద్దం పెట్టించాను. పెన్ను గీత దగ్గర చిరుగు అలాగే ఉంది. కుడి పక్కంతా ఇప్పటికీ ఖాళీ.

రండి, ఇద్దరూ వచ్చి తీసుకోండి. లహరీ, లేచేశావా అప్పుడే! ఒక్క క్షణం ఆగు తల్లీ, మాధవ్ చెయ్యి పట్టుకుని రా.