ఆపరేటింగ్ సిస్టమ్స్: అధ్యాయాల వారీ ప్రశ్నల బ్యాంకు (వారం పరీక్షలకు, జవాబులతో)

ట్యూటర్‌కి రెండు మాటలు. సెమిస్టర్ స్లైడ్లన్నీ ముందేసుకుని, ఆరు అధ్యాయాలుగా విడగొట్టి 18 ప్రశ్నలు తయారుచేశాను. "నిర్వచనం రాయండి" అనే ప్రశ్న ఒక్కటీ పెట్టలేదు. నిర్వచనం స్లైడ్‌లోనే ఉంది, బట్టీపట్టి రాసేస్తారు. స్లైడ్ చెప్పకుండా దాటేసిన చోట అడిగితేనే ఎవరికి అర్థమైందో తెలుస్తుంది. తప్పు జవాబు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిన చోట అదీ రాశాను. దిద్దేటప్పుడు మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

వారానికి ఒక అధ్యాయం, అరగంట పరీక్ష. రెండో వారం నుంచి పాత అధ్యాయంలోది ఒక ప్రశ్న, అంకెలు మార్చి, మళ్లీ ఇవ్వండి.

అధ్యాయం 1: పరిచయం

1.1 (2 మార్కులు) `printf` సిస్టమ్ కాలేనా?
జవాబు: కాదు, లైబ్రరీ ఫంక్షన్. లినక్స్‌లో అది చివరికి `write` అనే సిస్టమ్ కాల్‌ని పిలుస్తుంది.

1.2 (2) యూజర్ ప్రోగ్రామ్‌ని ఇంటరప్ట్‌లు ఆపెయ్యనిస్తే ఏమవుతుంది?
జవాబు: టైమర్ ఇంటరప్ట్ రాదు. ఆ ప్రోగ్రామ్ తనంతట తాను వదిలేదాకా సీపీయూ దాని చేతిలోనే ఉండిపోతుంది.

అధ్యాయం 2: ప్రాసెస్‌లు, థ్రెడ్‌లు

2.1 (4) కింది ప్రోగ్రామ్‌ని టెర్మినల్‌లో నడిపితే A ఎన్నిసార్లు, B ఎన్నిసార్లు వస్తాయి? వరస ఎప్పుడూ ఒకేలా ఉంటుందా?

```c
#include <stdio.h>
#include <unistd.h>
int main(void) {
    fork();
    printf("A\n");
    fork();
    printf("B\n");
    return 0;
}
```

జవాబు: A రెండుసార్లు, B నాలుగుసార్లు. వరసకు గ్యారంటీ లేదు.
ట్యూటర్‌కి: "నేను నడిపి చూశాను, A కూడా నాలుగుసార్లు వచ్చింది" అని ఎవరైనా వస్తే వెంటనే కొట్టిపారెయ్యకండి. `./a.out > out.txt` అని నడిపారేమో అడగండి. టెర్మినల్‌కి రాసేటప్పుడు లైన్ పూర్తవగానే బఫర్ ఖాళీ అవుతుంది. ఫైల్‌కి రాసేటప్పుడు అలా కాదు, A ఇంకా బఫర్‌లోనే ఉంటుంది. రెండో `fork` ఆ బఫర్‌ని కూడా కాపీ చేస్తుంది. నేనైతే ఆ విద్యార్థికి ఒక మార్కు ఎక్కువే వేస్తాను.

2.2 (2) ఒకే ప్రాసెస్‌లోని రెండు థ్రెడ్‌లకు వీటిలో ఏవి ఉమ్మడి: హీప్, గ్లోబల్ వేరియబుల్స్, స్టాక్, తెరిచిన ఫైళ్లు, రిజిస్టర్లు?
జవాబు: స్టాక్, రిజిస్టర్లు ఎవరివి వారివి. మిగిలినవి ఉమ్మడి.

అధ్యాయం 3: షెడ్యూలింగ్

స్లైడ్లలో ఎక్కువ చోటు తీసుకున్నదీ, మార్కులు ఎక్కువ పోయేదీ ఈ అధ్యాయమే. నాలుగు ప్రశ్నలకూ ఇదే పట్టిక:

| ప్రాసెస్ | వచ్చిన సమయం | కావలసిన సమయం |
|---|---|---|
| పి1 | 0 | 6 |
| పి2 | 1 | 3 |
| పి3 | 2 | 1 |
| పి4 | 3 | 4 |

3.1 (3) వచ్చిన వరసలోనే నడిపితే (ఎఫ్‌సీఎఫ్‌ఎస్) సగటు నిరీక్షణ ఎంత?
జవాబు: 0, 5, 7, 7. సగటు 4.75. ఎవరైనా 6.25 రాస్తే, వచ్చిన సమయం తీసెయ్యడం మరిచిపోయారని అర్థం. సగం మార్కులు ఇవ్వొచ్చు.

3.2 (4) మిగిలిన పని తక్కువున్నదాన్ని ముందు నడిపితే (ఎస్‌ఆర్‌టీఎఫ్)?
జవాబు: పి1 (0-1), పి2 (1-2), పి3 (2-3), పి2 (3-5), పి4 (5-9), పి1 (9-14). నిరీక్షణ 8, 1, 0, 2. సగటు 2.75.

3.3 (5) రౌండ్ రాబిన్, క్వాంటమ్ 2. క్వాంటమ్ ముగిసిన క్షణంలోనే కొత్త ప్రాసెస్ వస్తే, కొత్తదే ముందు క్యూలో చేరుతుంది.
జవాబు: పి1 (0-2), పి2 (2-4), పి3 (4-5), పి1 (5-7), పి4 (7-9), పి2 (9-10), పి1 (10-12), పి4 (12-14). నిరీక్షణ 6, 6, 2, 7. సగటు 5.25.
ట్యూటర్‌కి: "కొత్తదే ముందు" అన్న వాక్యం స్లైడ్‌లో లేదు, నేను చేర్చాను. అది తీసేస్తే 5.75 అని రాసినవాళ్లదీ ఒప్పే అవుతుంది, ఇక క్లాసంతా వాదనే.

3.4 (3) పై లెక్కల్లో రౌండ్ రాబిన్ నిరీక్షణ అన్నిటికన్నా ఎక్కువ. మరి దాన్ని ఎందుకు వాడతారు?
జవాబు: వచ్చాక మొదటిసారి సీపీయూ దొరకడానికి పట్టే సమయం చూడండి. ఎఫ్‌సీఎఫ్‌ఎస్‌లో సగటు 4.75, రౌండ్ రాబిన్‌లో 1.75. స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి కావలసింది ఆ రెండోదే. అంకెలు లేకుండా "న్యాయంగా ఉంటుంది" అని మాత్రమే రాస్తే 1 మార్కు.

అధ్యాయం 4: సింక్రనైజేషన్, డెడ్‌లాక్

4.1 (3) `x` విలువ 5. ఒక థ్రెడ్ `x++`, ఇంకోటి `x--` చేస్తాయి, లాక్ లేదు. రెండూ మామూలుగా లోడ్, మార్పు, స్టోర్ అని మూడు మెట్లలో జరుగుతాయనుకుంటే చివరికి ఏ విలువలు రావచ్చు?
జవాబు: 4, 5, 6. మూడూ రాయాలి.

4.2 (4) 1997లో అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ కంప్యూటర్ పదేపదే రీసెట్ అయింది. తక్కువ ప్రాధాన్యం ఉన్న వాతావరణ టాస్క్ మ్యూటెక్స్ పట్టుకుని ఉంది, ఎక్కువ ప్రాధాన్యం ఉన్న బస్ టాస్క్ దానికోసం ఆగింది. మధ్య ప్రాధాన్యం టాస్క్ వల్ల ఏమైంది? ఎలా సరిచేశారు?
జవాబు: మధ్యది వాతావరణ టాస్క్‌ని పక్కకు నెట్టి సీపీయూ తీసుకుంది. మ్యూటెక్స్ విడుదల కాలేదు, బస్ టాస్క్ గడువులోగా పూర్తి కాలేదు, దాంతో రీసెట్. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు. ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్‌ని ఆన్ చేసి సరిచేశారు.

4.3 (3) నాలుగు ప్రాసెస్‌లు, ఒక్కోదానికి గరిష్ఠంగా 3 ప్రింటర్లు కావాలి. డెడ్‌లాక్ ఎప్పటికీ రాకుండా ఉండాలంటే కనీసం ఎన్ని ప్రింటర్లు ఉండాలి?
జవాబు: 9. అందరి చేతిలో రెండేసి ఉంటే 8, ఇంకొకటి ఉంటే ఎవరో ఒకరి పని పూర్తవుతుంది.

4.4 (5) మొత్తం వనరులు 12. ఎ దగ్గర 4 (గరిష్ఠం 8), బి దగ్గర 3 (5), సి దగ్గర 2 (9). సి ఇంకో 2 అడిగితే ఇవ్వొచ్చా? 1 అడిగితే?
జవాబు: 2 ఇస్తే మిగిలేది 1, దాంతో ఎవరి పనీ పూర్తవుతుందన్న హామీ లేదు, ఇవ్వకూడదు. 1 ఇస్తే బి, ఎ, సి వరసలో పూర్తవుతాయి, ఇవ్వొచ్చు. మొదటిదాన్ని "డెడ్‌లాక్ అయింది" అని రాస్తే ఒక మార్కు తగ్గించండి. సురక్షితం కాని స్థితి, డెడ్‌లాక్ రెండూ ఒకటి కాదు.

అధ్యాయం 5: మెమరీ

5.1 (4) పేజీ సైజు 4 కేబీ. పేజీ 2 ఫ్రేమ్ 5లో ఉంది. లాజికల్ అడ్రస్ 8200కి ఫిజికల్ అడ్రస్ ఎంత?
జవాబు: 8200 = 2 × 4096 + 8. కాబట్టి 5 × 4096 + 8 = 20488. 20200 అని వచ్చిందంటే 4 కేబీని 4000 అనుకున్నారు.

5.2 (3) టీఎల్‌బీ చూడడానికి 10 నానోసెకన్లు, మెమరీకి 100, హిట్ 90 శాతం. పేజీ టేబుల్ ఒకే స్థాయిది. సగటు సమయం?
జవాబు: 0.9 × 110 + 0.1 × 210 = 120 నానోసెకన్లు.

5.3 (6) పేజీల వరస 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. ఫిఫోతో 3 ఫ్రేములకు, 4 ఫ్రేములకు పేజీ ఫాల్ట్‌లు ఎన్నెన్ని?
జవాబు: 9, 10. ఫ్రేము పెంచితే ఫాల్ట్‌లు పెరిగాయి. తన లెక్కే తప్పిందనుకుని 10ని కొట్టేసి 8 రాసేవాళ్లు ఉంటారు. కొట్టేసిన అంకె కనిపిస్తే పిలిచి మాట్లాడండి. దీని పేరు బెలాడీ అనామలీ.

5.4 (4) అదే వరస ఎల్‌ఆర్‌యూతో?
జవాబు: 10, 8. ఎల్‌ఆర్‌యూలో ఈ వింత రాదు, ఎందుకంటే 3 ఫ్రేముల్లో ఉన్న పేజీలు 4 ఫ్రేముల్లో ఎప్పుడూ ఉంటాయి.

అధ్యాయం 6: ఫైళ్లు

6.1 (1) యూనిక్స్‌లో ఫైల్ పేరు ఐనోడ్‌లో ఉంటుందా?
జవాబు: ఉండదు, డైరెక్టరీలో ఉంటుంది. ఒకే ఫైల్‌కి రెండు పేర్లు పెట్టగలిగేది అందుకే.

6.2 (4) బ్లాక్ 4 కేబీ, పాయింటర్ 4 బైట్లు, నేరుగా చూపే పాయింటర్లు 12, సింగిల్ ఇన్‌డైరెక్ట్ ఒకటి. ఫైల్ గరిష్ఠ సైజు?
జవాబు: 48 కేబీ + 1024 × 4 కేబీ, అంటే 4 ఎంబీ 48 కేబీ.