నాన్న డయాలసిస్: జూన్ 2025 టేబుల్

ఒరేయ్, నోట్‌బుక్‌లో సిస్టర్లు రాసిన జూన్ ఎంట్రీలన్నీ ఒక్క టేబుల్‌లోకి ఎక్కించా. గురువారం డాక్టర్ గారి దగ్గరికి నువ్వే తీసుకెళ్తున్నావ్ కదా, ఆ నోట్‌బుక్ పేజీలు తిప్పి చూసేంత టైమ్ ఆయనకి ఉండదు, ఇది ప్రింట్ తీసి చేతిలో పెట్టు. కింద రాసింది మాత్రం నీకోసం, ముందే చదువుకుని వెళ్ళు.

డ్రై వెయిట్ 58.0, సెషన్ నాలుగు గంటలు, సోమ బుధ శుక్ర. బరువులు కేజీల్లో, యూఎఫ్ అంటే మెషిన్ తీసిన నీళ్లు, లీటర్లలో. బీపీ అన్నిసార్లూ కుడిచేతికే చూశారు, ఫిస్టులా ఎడమచేతికి ఉంది కాబట్టి.

| తేదీ | ముందు బరువు | పెరిగింది | తర్వాత బరువు | యూఎఫ్ | ముందు బీపీ | మధ్యలో తక్కువ బీపీ | తర్వాత బీపీ | గమనిక |
|---|---|---|---|---|---|---|---|---|
| మే 30 శుక్ర | | | 58.2 | | | | | లెక్క మొదలుపెట్టడానికి |
| 2 సోమ | 61.1 | 2.9 | 58.3 | 3.1 | 158/86 | 118/70 | 136/78 | |
| 4 బుధ | 60.1 | 1.8 | 58.1 | 2.3 | 146/82 | 116/68 | 132/76 | |
| 6 శుక్ర | 59.8 | 1.7 | 58.0 | 2.1 | 142/80 | 114/68 | 130/76 | |
| 9 సోమ | 61.3 | 3.3 | 58.2 | 3.4 | 164/90 | 96/58 | 118/70 | మూడో గంటలో పిక్కలు పట్టేశాయి |
| 11 బుధ | 60.0 | 1.8 | 58.1 | 2.2 | 144/82 | రాయలేదు | 128/74 | |
| 13 శుక్ర | 59.7 | 1.6 | 58.0 | 2.0 | 140/80 | 110/66 | 126/74 | |
| 16 సోమ | 61.5 | 3.5 | 59.0 | 3.0 | 168/92 | 84/50 | 112/66 | కళ్ళు తిరిగాయి, సెలైన్ ఇచ్చారు, యూఎఫ్ ఆపేశారు. టార్గెట్ 3.6 |
| 18 బుధ | 60.7 | 1.7 | 58.2 | 2.8 | 156/86 | 108/64 | 126/74 | ముందు బరువు వీల్‌చైర్‌లో చూశారు |
| 20 శుక్ర | 59.9 | 1.7 | 58.1 | 2.1 | 144/80 | 114/66 | 128/74 | |
| 23 సోమ | 60.6 | 2.5 | 58.2 | 2.7 | 150/84 | 112/66 | 130/76 | ఉప్పు తగ్గించాక మొదటి సోమవారం |
| 25 బుధ | 59.8 | 1.6 | 58.2 | 1.9 | 142/80 | 104/62 | 122/72 | |
| 27 శుక్ర | 59.7 | 1.5 | 58.2 | 1.8 | 138/78 | 106/62 | 120/72 | ఇంటికొచ్చాక బాగా నీరసం |
| 30 సోమ | 60.5 | 2.3 | 58.2 | 2.6 | 148/84 | 110/64 | 128/74 | |

మొత్తం 13 సెషన్లు, తీసిన నీళ్లు 32 లీటర్లు, సెషన్‌కి దాదాపు రెండున్నర. కానీ ఈ సగటు పట్టుకుని డాక్టర్ గారికి చెప్పకు, దాంతో ఏమీ తెలీదు, ఎందుకో కింద చెప్తా.

"పెరిగింది" అన్న కాలమ్ డ్రై వెయిట్‌లోంచి తీసింది కాదు, పోయిన సెషన్ అయ్యాక ఉన్న బరువులోంచి తీసింది. 18వ తేదీ చూడు, 60.7తో వచ్చాడు, 58తో పోలిస్తే 2.7 ఎక్కువ, అది చూసి ఎవరైనా రెండు రోజుల్లో ఇన్ని నీళ్లు తాగేశాడా అని నాన్ననే తిడతారు, కానీ సోమవారం యూఎఫ్ మధ్యలో ఆపేసినందుకు 59.0తోనే ఇంటికొచ్చాడు, నిజంగా పెరిగింది 1.7 మాత్రమే, మిగతా కేజీ సోమవారం బాకీ. ఆ రోజు నోట్‌బుక్‌లో 76.7 అని ఉంటుంది, కంగారుపడకు, వీల్‌చైర్ 16 కేజీలు అందులోంచి తీసేశా.

ఇంకోటి, యూఎఫ్‌కీ తగ్గిన బరువుకీ లెక్క సరిపోవట్లేదే అని నీకు డౌట్ వస్తుంది. 2వ తేదీ 3.1 తీశారు, తగ్గింది 2.8. చివర్లో ట్యూబుల్లో ఉన్న రక్తం లోపలికి పంపడానికి సెలైన్ వాడతారు కదా, అది ఒంట్లోకే వెళ్తుంది, పైన మాత్రలకి తాగిన నీళ్లు, అన్నీ కలిపి ఆ 300 ఎంఎల్. 16న తేడా అర లీటర్ ఉంది, బీపీ పడినప్పుడు ఎక్కించిన సెలైన్ వల్ల.

ఇక అసలు విషయం సోమవారాలు. శుక్రవారం తర్వాత మధ్యలో రెండు రోజులు గ్యాప్, సోమవారాల సగటు 2.9 కేజీలు, డ్రై వెయిట్‌లో సరిగ్గా 5 శాతం. బుధ, శుక్రవారాల సగటు 1.7, అంటే 3 శాతం లోపే. రెండూ కలిపి సగటు తీస్తే అంతా బానే ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే వద్దన్నా. నీళ్లు తీసే స్పీడ్ గంటకి కేజీకి 13 ఎంఎల్ దాటకుండా చూస్తారు, నాన్న బరువుకి నాలుగు గంటల్లో అది 3 లీటర్లకి వస్తుంది. 2న 13.4, 9న 14.7, 16న టార్గెట్ ప్రకారం 15.5. స్పీడ్ పెరిగే కొద్దీ ఆ పక్కన తక్కువ బీపీ కాలమ్ చూడు, 118, 96, 84. వచ్చేటప్పుడేమో మూడుసార్లూ బీపీ హైలోనే ఉంది, అందుకని బీపీ మాత్ర పెంచుదామా అనే మాట వస్తే ముందు ఈ రెండు కాలమ్స్ పక్కపక్కన చూపించు, నాకైతే అది మాత్రతో పోయేది కాదు నీళ్లతో వచ్చింది అనిపిస్తోంది. 16న పొద్దున మాత్ర వేసుకునే వెళ్ళాడు, అది కూడా చెప్పు.

17 నుంచి వంటలో ఉప్పు బాగా తగ్గించాం. నీళ్లు తాగొద్దని ఎంత గోల పెట్టినా ఇన్నాళ్లూ దారికి రాలేదు, ఉప్పు తగ్గాక దాహమే తగ్గింది, గ్లాసు కోసం గొడవ లేదు. 23న 2.5, 30న 2.3, స్పీడ్ కూడా 12 లోపు. రెండు వారాలేగా, ఇంకా చూడాలి.

నాకు అర్థం కానిది 25, 27. పెరిగింది తక్కువ, తీసింది రెండు లీటర్లు కూడా కాదు, అయినా బీపీ 104, 106కి దిగింది, అదే 6న 2.1 తీసినా 114 దగ్గర ఆగింది. ఈ మధ్య అన్నం సరిగ్గా తింటున్నాడు, కాస్త ఒళ్ళు చేశాడేమో, అలా అయితే 58 అనేది ఇప్పుడు నాన్నకి తక్కువ అవుతుంది, ఒంట్లో లేని నీళ్లని లాగుతున్నట్టు. డ్రై వెయిట్ మళ్ళీ చూడమని అడుగు. దాంతోపాటు సోమవారం ఒక్క అరగంట పెంచడానికి వీలవుతుందా అని కూడా, నాలుగున్నర గంటలైతే 3.4 లీటర్ల దాకా అదే 13లో వెళ్తుంది. నాన్న ఒప్పుకోడని ముందే అనుకోకు, 16వ తేదీ తర్వాత ఆయనే భయపడుతున్నాడు.

11న మధ్యలో బీపీ నోట్‌బుక్‌లో లేదు, అందాజుగా ఏదో వేయకుండా అలాగే వదిలేశా. జూలైలో నువ్వు రాసేటప్పుడు కూడా లేనిది లేదనే రాయి.

జూలై షీట్ కూడా పెట్టేశా, రెండో వరుసలో జూన్ 30 తర్వాత బరువు 58.2 వేసి ఉంది. మూడో వరుస నుంచి నువ్వు బరువులు, యూఎఫ్, బీపీ కొడితే చాలు. C కాలమ్‌లో పెరిగింది, J కాలమ్‌లో స్పీడ్, వాటంతటవే వస్తాయి:

```
C3: =B3-D2
J3: =E3*1000/(4*58)
```

డాక్టర్ గారు డ్రై వెయిట్ మారిస్తే ఆ 58 మార్చు, టైమ్ పెంచితే సోమవారం వరుసల్లో మాత్రం 4 బదులు 4.5 పెట్టు. జూన్ షీట్‌ని మాత్రం ముట్టుకోకు.