కాటన్ జయంతికి ఒకే పరిచయం, మూడు నిడివులు

మే 15న ధవళేశ్వరంలో కాటన్ విగ్రహానికి దండ వేసే ముందు మైకులో చదవడానికి ఒకటి, ఊళ్లలో కట్టే ఫ్లెక్సీకి ఒకటి, బడిపిల్లలకు పంచే కరపత్రానికి ఒకటి సిద్ధం చేశాం. మూడూ కింది మూల ప్రతి నుంచి తీసినవే. ఎవరికి ఏది కావాలో అది ఉన్నదున్నట్టు వాడండి. చోటు చాలకపోతే దానికన్నా చిన్నది తీసుకోండి, అంతేగాని పెద్దదాన్ని మధ్యలో కోయకండి. అలా కోస్తే మొదట పోయేది ఆనకట్ట పనిని దగ్గరుండి నడిపించిన వీణం వీరన్న పేరు, ఆ తరవాత సంవత్సరాలు.

మూల ప్రతి (అచ్చుకు కాదు, సరిచూసుకోవడానికి)

సర్ ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న పుట్టారు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మన దేశానికి వచ్చారు. గోదావరికి ముందు కావేరి డెల్టాలో పనిచేశారు. తిరుచిరాపల్లి దగ్గర కొల్లిడం పాయ మీద 1836లో పూర్తయిన ఎగువ ఆనకట్ట ఆయన చేపట్టిన పనే. 1832–33 నందన కరువు, 1839 కోరంగి తుపాను గోదావరి ప్రాంతాన్ని కుదేలు చేశాయి. వేసవిలో నది నీరు పొలాల మట్టానికి కిందుగా పారి సముద్రంలో కలిసేది. నీటిమట్టం లేపితేగాని కాలువలకు ఎక్కదు. 1840లలో కాటన్ నదిని పరిశీలించి ఆనకట్టకు నివేదిక ఇచ్చారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, వాటి మధ్య లంకలు, మొత్తం పొడవు దాదాపు మూడున్నర కిలోమీటర్లు. పని దగ్గరుండి నడిపించినవారిలో ముఖ్యులు వీణం వీరన్న, తరవాత రాయ్ బహదూర్ బిరుదు పొందారు. కాటన్‌కు సర్ బిరుదు 1861లో వచ్చింది. 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో ఇంగ్లండులో కన్నుమూశారు. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది, దానికి ఆయన పేరే పెట్టారు. నేటి ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు.

తప్పు కనిపిస్తే ముందు ఇక్కడ దిద్దండి, తరవాతే మిగిలిన మూడింట్లో. ఫ్లెక్సీలో మాత్రమే దిద్దితే వచ్చే ఏడాది కరపత్రంలో పాత తప్పే మళ్లీ వస్తుంది. "నేటికి ఇన్నేళ్లు" అనే లెక్క ఎక్కడా రాయలేదు. అలా రాస్తే మరుసటి ఏడాదికే తప్పవుతుంది.

కరపత్రానికి (పెద్దది)

మన ఇంటి ముందు కాలువలో నీరు పారుతోందంటే ఆ కథ ధవళేశ్వరంలో మొదలవుతుంది. గోదావరి ఏడాది పొడుగునా పారినా, వర్షాలు తప్పితే డెల్టా పొలాలు ఎండిపోయేవి. వేసవిలో నది పొలాల కన్నా కిందుగా ఉండేది మరి. 1832–33 నందన కరువులో ఊళ్లకు ఊళ్లే చితికిపోయాయి. 1839లో కోరంగి తుపాను మిగిలినవారినీ కుదేలు చేసింది.

1803 మే 15న పుట్టిన సర్ ఆర్థర్ కాటన్ 1821లో మన దేశానికి వచ్చి, ముందు కావేరి మీద పనిచేశారు. ఆ అనుభవంతో గోదావరిని పరిశీలించి, నదికి అడ్డంగా కట్ట కడితే నీటిమట్టం లేచి కాలువల్లోకి మళ్లుతుందని నివేదిక ఇచ్చారు. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఆనకట్ట 1852లో పూర్తయింది. వీణం వీరన్న పనిని దగ్గరుండి నడిపించారు. రాయి మోసి, సున్నం కలిపి కట్టినవారు పేర్లు మిగలని కూలీలు.

తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు అక్కడి నుంచే సాగాయి. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయింది. సుమారు 10 లక్షల ఎకరాలకు నీరిస్తోంది. 1899లో ఇంగ్లండులో కన్నుమూసిన ఆయన్ను డెల్టా ఇప్పటికీ అపర భగీరథుడని, కాటన్ దొర అని తలుచుకుంటుంది.

ఇందులో కొల్లిడం వివరం తీసేశాం. పిల్లలకు రెండు నదుల పాయల పేర్లు ఒకేసారి చెబితే ఏది ఎక్కడో కలగాపులగమవుతుంది. 10 లక్షల ఎకరాల అంకెను బ్యారేజీ పక్కనే ఉంచాం. అది నేటి ఆయకట్టు. 1852 పక్కకు జరిపితే అబద్ధమవుతుంది. అందుకే ఆ అంకె కింది రెండింట్లోనూ లేదు. కృష్ణ ఆనకట్టను ఆయన ఖాతాలో వేయకండి, అక్కడ పని నడిపించింది కెప్టెన్ ఓర్ అనే ఇంజనీరు. బెజవాడలో నేడున్న ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది.

ఫ్లెక్సీకి (మధ్యది)

సర్ ఆర్థర్ కాటన్ (1803–1899)
మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి 1821లో మన దేశానికి వచ్చారు. కావేరి మీద పనిచేసిన అనుభవంతో గోదావరి ఆనకట్టకు రూపమిచ్చి, 1847లో మొదలైన పనిని 1852 నాటికి పూర్తిచేయించారు. పని దగ్గరుండి నడిపించినవారు వీణం వీరన్న, చెమటోడ్చి కట్టినవారు కూలీలు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు నీరెక్కింది ఆ కట్ట వల్లే. అపర భగీరథుడని డెల్టా తలుచుకునే కాటన్ దొర పుట్టినరోజు మే 15.

60 మాటలు దాటనివ్వలేదు. సగం ఫ్లెక్సీ ఫొటోకే పోతుంది, మిగతా చోట్లో ఇంతకన్నా ఎక్కువ పెడితే రోడ్డు మీంచి చదవలేరు. షాపులో యూనికోడ్ పాఠాన్ని అను ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. "ఆర్థర్", "పూర్తిచేయించారు", "అనుభవంతో" మాటల్ని ప్రింటుకు ముందు తెర మీద ఒక్కొక్కటిగా చూడండి. "సర్ కాటన్" అని కుదించమంటే ఒప్పుకోకండి. బిరుదు సొంత పేరుకే అంటుకుంటుంది, కాబట్టి "సర్ ఆర్థర్" అనాలి, లేదంటే ఒట్టి "కాటన్" చాలు. "పూర్తిచేయించారు"ను "కట్టాడు" అని మార్చితే రెండు నష్టాలు. మర్యాద పోతుంది, కూలీల పని ఆయన ఒక్కరి చేతుల్లోకి వెళ్లిపోతుంది. మూడింట్లోనూ గౌరవ రూపమే వాడాం. "దొర" మాత్రం ఒక్కో పాఠంలో ఒక్కసారే, చివరి వాక్యంలో వస్తుంది. మొదటి వరుసలోనే పెడితే స్తోత్రంలా మొదలవుతుంది, అసలు లేకపోతే మన ఊరి మాటలా ఉండదు.

మైకుకు (చిన్నది)

గోదావరి ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేయించి, డెల్టా పొలాలకు కాలువ నీరు అందించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ గారు. ఆయన పుట్టినరోజు మే 15. మనం కాటన్ దొర అని తలుచుకునేది ఆయన్నే.

"గారు" ఇక్కడ మాత్రమే చేర్చాం. ఈ పాఠంలో ఆయన గురించిన క్రియలన్నీ "పూర్తిచేయించి", "అందించిన" లాంటివే, మర్యాదను మోసే "రు" ఎక్కడా రాదు. వీరన్న పేరు ఇందులో ఇమడలేదు, కాబట్టి దండలు వేసేటప్పుడు ఆయన పేరు విడిగా పలకండి. సంవత్సరాన్ని "పద్దెనిమిది వందల యాభై రెండు" అని నిదానంగా చదవాలి. "ఆనకట్ట" బదులు నోటికి అలవాటైన "బ్యారేజీ" వచ్చేస్తుంది జాగ్రత్త, 1852 పక్కన ఆ మాట పడకూడదు. చదివేవారు కాగితం మీద "ఆనకట్ట" కింద గీత గీసుకుంటే మంచిది.