స్వాగతం మేడమ్, ఆల్గాల్ మన కోసం ఆగదు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకొచ్చి కూర్చోండి, మొదటి వరస మొత్తం ఖాళీగానే ఉంది. మన క్లబ్బుతో ఎప్పుడూ ఇదే గొడవ. ఎక్కడో ఉన్న శనిగ్రహాన్ని దగ్గరగా చూడాలని తోసుకుంటాం, ఇక్కడున్న స్టేజీకి మాత్రం దగ్గరికి రాం.

నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఐదారు నిమిషాల్లో దిగిపోతానని మన కార్యదర్శికి మాటిచ్చాను. కారణం నా మంచితనం కాదు. ఈ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆల్గాల్ నక్షత్రం వెలుగు బాగా తగ్గి మసకగా కనబడుతుందని మేడమ్ లెక్కగట్టి చెప్పారు. ఆ వేళకి మనమంతా మేడ మీద ఉండాలి. నేను ఇక్కడ మాట్లాడుతున్నంతసేపూ అది తగ్గుతూనే ఉంటుంది.

ఇప్పుడు మన అతిథి గురించి. మామూలుగా ఇక్కడ డిగ్రీలు, పురస్కారాలు వరసగా చదవాలి. నేనూ ఒక పేజీ రాసుకున్నాను. నిన్న మేడమ్ ఫోన్ చేసి, "అవన్నీ చదివారంటే నేను మధ్యలోనే లేచి వచ్చేస్తాను" అన్నారు. అందుకని ఆ కాగితం జేబులోనే ఉంది. పేరు ఎలాగూ ఆహ్వానం మీద చూశారు. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారని, వెలుగు మారే నక్షత్రాలని ముప్పై ఏళ్లుగా గమనిస్తున్నారని చెప్తే పరిచయం అయిపోయినట్టే. వాడేది ఒక జత బైనాక్యులర్లు. కొన్నిటికి అవి కూడా అక్కర్లేదు, ఉత్త కళ్లే.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ల కింద మేడమ్‌ని ఒకసారి పిలిచాం, గుర్తుందా? ఆ కార్యక్రమం జరగలేదు. అప్పుడు మీ అందరికీ "అనివార్య కారణాల వల్ల" అని మెసేజ్ పెట్టాను. ఆ అనివార్య కారణం నేనే. మేడమ్‌కి తేదీ తప్పు పంపాను. ఆవిడ ఒకరోజు ముందే వచ్చేశారు. హాలుకి తాళం, మనిషి లేడు, నా ఫోన్ స్విచ్చాఫ్. తర్వాత సిగ్గుతో చచ్చిపోతూ క్షమాపణ చెప్పడానికి వాళ్లింటికి వెళ్తే, ఒక్క మాట అనలేదు. నోట్‌బుక్ తెచ్చి ఆ రోజు పేజీ తీసి చూపించారు. తేదీ, టైము, దాని కింద పెన్సిల్‌తో ఒక లైను: "హాలు తాళం వేసి ఉంది. ఆకాశం బాగుంది. ఆర్ద్ర 0.6."

మెట్ల మీద కూర్చుని ఆర్ద్ర నక్షత్రం వెలుగు అంచనా వేసి, రాసుకుని, ఇంటికి వెళ్లిపోయారన్నమాట.

ఆ నోట్‌బుక్ ఇంకాసేపు తిరగేశాను. ఒకచోట వరసగా పదకొండు రోజులు ఒకటే మాట: మబ్బు, మబ్బు, మబ్బు. పన్నెండో రోజు "మబ్బు పోయింది" అని, పక్కన ఒక అంకె. ఇంకోచోట మీరా నక్షత్రానికి రాసిన అంకె మీద సన్నగా ఒక ప్రశ్నార్థకం ఉంది, కొట్టివేత మాత్రం లేదు. తప్పనిపిస్తే మార్చొచ్చు కదా మేడమ్ అని అడిగాను. "ఆ రాత్రి నాకు కనబడింది అదే. పొద్దున లేచి దిద్దితే అది చూసింది కాదు, అనుకున్నది అవుతుంది" అన్నారు.

ఆ రాత్రే వచ్చి మన క్లబ్బు రిజిస్టర్ తీశాను. పది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కొని మూడేళ్లయింది. రిజిస్టర్ నిండా ఉన్నది తాళంచెవి ఎవరు తీసుకున్నారు, ఎవరు తిరిగిచ్చారు, అంతే. ఏం చూశారో ఒక్కరూ రాయలేదు. నేనూ రాయలేదు. వలయాలు చూస్తాం, అబ్బా అంటాం, ఫోన్‌లో ఫొటో తీసుకుంటాం, మూత పెట్టేస్తాం. చూడ్డం తప్పని నేననను, నేను ఈ క్లబ్బులో చేరిందే ఆ "అబ్బా" కోసం. కానీ మేడమ్‌ని మళ్లీ పిలవాలని పట్టుబట్టింది మాత్రం ఆ రిజిస్టర్ చూశాకే.

ఇదంతా ఎవరికి పనికొస్తుందని కొత్త సభ్యులకి అనిపించొచ్చు. పెద్ద పెద్ద టెలిస్కోపులు ఏళ్ల తరబడి ఒకే నక్షత్రానికి రోజూ టైం ఇవ్వలేవు. ఆర్ద్ర లాంటి ప్రకాశవంతమైనవైతే వాటికి మరీ ఇబ్బంది, వెలుగు ఎక్కువైపోతుంది. 2019 చివర్లో ఆర్ద్ర ఉన్నట్టుండి మసకబారి, 2020 ఫిబ్రవరికి బాగా తగ్గిపోయినప్పుడు, పేలిపోతుందేమోనని అందరికీ ఒకటే టెన్షన్. అది విడిచిపెట్టిన పదార్థం ధూళిగా మారి వెలుగుకి అడ్డొచ్చిందని తర్వాత తేలింది. ఆ నక్షత్రం మామూలుగా ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది అన్నది తెలిస్తేనే కదా ఈసారి తగ్గుదల వింత అని చెప్పగలిగేది! ఆ పాత లెక్కల్లో చాలా భాగం ఇలా మెట్ల మీద, మేడల మీద కూర్చుని రాసుకున్నవాళ్లవే.

ఇవాళ్టి మన కథానాయకుడు ఆల్గాల్‌కి కూడా అలాంటి చరిత్రే ఉంది. రెండు రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి అది మసకబారుతుందని 1783లో లెక్క తేల్చింది జాన్ గుడ్‌రిక్ అనే కుర్రవాడు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు, చెవులు వినపడవు. ఏదో చీకటి వస్తువు అడ్డు తిరుగుతూ ఉండొచ్చని కూడా ఊహించాడు. నిజంగానే అక్కడ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాలున్నాయి, వెలుగు తక్కువది ఎక్కువదాన్ని కొంతమేర కప్పేస్తుంది. మిగతాది మేడమ్ చెప్తారు, నేను చెప్తే తప్పులు దొర్లుతాయి.

రెండు మనవులు. ప్రశ్నలు చివర్లో అడుగుదాం. పైకి వెళ్లేటప్పుడు ఫోన్ టార్చ్ వెయ్యకండి. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే అరగంట పడుతుంది, ఆ అలవాటు పోవడానికి ఒక్క ఫ్లాష్ చాలు. మెట్ల దగ్గర ఎర్ర కాగితం చుట్టిన టార్చీలు నాలుగు పెట్టాం. వాటి పక్కనే కొత్త రిజిస్టర్ ఉంది. అందులో తాళంచెవికి కాలమ్ లేదు. మొదటి లైను రాసిపెట్టమని మేడమ్‌ని అడిగితే ఒప్పుకోలేదు, మీలో ఎవరైనా రాయాలన్నారు.

మేడమ్, ఈసారి తేదీ నాలుగుసార్లు సరిచూసుకున్నాను. హాలు తలుపులు సాయంత్రం నుంచీ బార్లా తెరిచే ఉన్నాయి. మా క్లబ్బు తరఫున, ఆ తాళం వేసిన మనిషి తరఫున కూడా, మీకు మనస్ఫూర్తిగా స్వాగతం. రండి, మైకు మీది.