"రసీదు ఇవ్వండి సార్": కాజీపేట అడ్డాలో ఆటో అన్నలతో మాట

స్టేషన్ అడ్డా అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. రైలు వచ్చేలోపు ముగిస్తాను, మీ గిరాకీ పోగొట్టను.

నేను వకీలునే గానీ, ముందు ఆటో డ్రైవర్ బిడ్డను. ఇంటర్ చదువుతున్నప్పుడు ఒకరోజు సాయంత్రం మా నాయన బండి ఆపి లైసెన్స్ తీసుకున్నారు. "రేపు ఠాణాకు రా" అన్నారు. చేతికి చిన్న కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. మర్నాడు పోతే "మా దగ్గర లేదు, ఎవరికిచ్చినవో వాళ్లనే అడుక్కో" అన్నారు. డూప్లికేట్ వచ్చేదాకా పద్దెనిమిది రోజులు బండి ఇంటి ముందే ఉంది. మా అమ్మ పొదుపు సంఘంలో అప్పు తెచ్చి ఫైనాన్స్ కిస్తీ కట్టింది. "రసీదు ఇవ్వండి సార్" అని అడగొచ్చని ఆ రోజు మా నాయనకు తెలియదు.

ఆ మాట వెనక చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్. లైసెన్స్ నకిలీదనో, మీరు కోర్టుకు రాకుండా తప్పించుకుంటారనో నమ్మడానికి కారణం ఉంటేనే పోలీసులు దాన్ని తీసుకోవాలి. తప్పించుకుంటారన్న కారణంతో తీసుకుంటే రసీదు ఇచ్చి తీరాలి. లైసెన్స్ తిరిగి వచ్చేదాకా ఆ రసీదుతోనే బండి నడుపుకోవచ్చు. 2019 సవరణ తర్వాత తాగి నడపడం, అతివేగం లాంటి కొన్ని నేరాల్లో కూడా లైసెన్స్ తీసుకుని రవాణా శాఖకు పంపుతున్నారు. అప్పుడూ రసీదు ఇస్తారు గానీ, దాంతో బండి నడపకూడదు. ఈ తేడా మరిచిపోవద్దు.

ఇక కాగితాల సంగతి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్ చూపించాలి. అది మన బాధ్యత. కానీ కాగితమే కావాలని లేదు. డిజీలాకర్‌లో, ఎం-పరివాహన్‌లో ఉన్నవి కాగితంతో సమానం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వది అదే చెబుతుంది. గ్యాలరీలో దాచుకున్న ఫొటోను మాత్రం నమ్ముకోవద్దు. ఏదైనా కాగితం ఆ క్షణంలో మీ దగ్గర లేకపోతే, అడిగిన అధికారికి 15 రోజుల్లో చూపించే వీలు కూడా ఆ నియమంలోనే ఉంది. "సార్, రూల్ 139 ప్రకారం తెచ్చి చూపిస్తాను" అని నెమ్మదిగా చెప్పండి. గొంతు పెంచితే అసలు విషయం పక్కకుపోయి, మీరు అరిచారన్నదే మిగులుతుంది.

బ్యాడ్జి లేదని ఇంకా అడుగుతున్నారని మొన్న ఒక తమ్ముడు చెప్పాడు. ఎల్ఎంవీ లైసెన్స్ ఉన్నవాళ్లు 7,500 కిలోలలోపు రవాణా వాహనం నడపడానికి వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. మన ఆటో ఆ బరువులో ఎంత?

అందరికీ భయం బండి సీజ్ గురించే. 207వ సెక్షన్‌లో కారణాలు రాసి ఉన్నాయి. లైసెన్స్ లేకపోవడం, వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లేదా పర్మిట్‌లో చెప్పిన రూటు, ప్రాంతం దాటడం. ఇన్సూరెన్స్ ఆ జాబితాలో లేదు. పాత చలాన్ల బాకీ కూడా లేదు. ఇన్సూరెన్స్ లేకుంటే 2,000 రూపాయల జరిమానా, జైలు శిక్ష కూడా ఉండొచ్చు, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కానీ ఆ ఒక్క కారణంతో 207 కింద బండి గుంజుకోవడానికి లేదు. ఫిట్‌నెస్ దగ్గర మాత్రం చాలా మంది మోసపోతున్నారు. ఫిట్‌నెస్ తేదీ దాటిన బండికి రిజిస్ట్రేషన్ లేనట్టేనని 56వ సెక్షన్ అంటుంది. అంటే సీజ్ చేయొచ్చు. ఎనిమిదేళ్లు దాటిన బండ్లకు అది ఏటా చేయించాలి. ఈ రాత్రే ఇంటికి పోయి తేదీ చూసుకోండి. బ్యాటరీ ఆటో అన్నలకు పర్మిట్ అక్కర్లేదు, 2018లోనే కేంద్రం మినహాయించింది. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పండి.

బండి పట్టుకుపోతుంటే తాళం చెవి కోసం పెనుగులాడొద్దు. ఏ సెక్షన్ కింద, ఏ ఠాణాకు తీసుకుపోతున్నారో కాగితంపై రాసివ్వమనండి. ఫోన్‌తో నాలుగు పక్కలా ఫొటోలు తీయండి: మీటరు రీడింగు, బ్యాటరీ, స్టెప్నీ, జాకీ, సీటు కింద సామాను. నెల తర్వాత స్టెప్నీ లేకుండా బండి తిరిగి వస్తే ఆ ఫొటోయే సాక్ష్యం. తర్వాత కాగితాలన్నీ పట్టుకుని రవాణా శాఖ అధికారికి దరఖాస్తు పెట్టండి. పరిశీలించి విడిచిపెట్టే ఏర్పాటు 207లోనే ఉంది.

తాగి నడిపితే నేను మీ వైపు ఉండను. కానీ అప్పుడు కూడా బండిని తాగని మనిషికి అప్పగించాలని మన హైకోర్టు 2021లో చెప్పింది. ఇంటివాళ్లకు, దోస్తులకు ఫోన్ చేసి పిలిపించుకునే హక్కు మీకు ఉంది.

కేసు కోర్టుకు పోయి వకీలుకు డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. అది న్యాయ సేవల సంస్థ ఉచిత నంబరు.

ఇప్పుడు అందరూ సీటు కింద కవర్లు తెచ్చుకోండి. నేను, రవి తమ్ముడు ఈ బెంచీ మీదే కూర్చుని ఒక్కొక్కరి తేదీలు చూస్తాం, ఫోన్‌లో డిజీలాకర్ పెట్టిస్తాం. పెద్దవాళ్లు ముందు రండి.